చీరలు గుడివాడలో, లెక్క విజయవాడలో

మార్చి 31 సాయంత్రం విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ షాపు. గోడౌన్‌లో సరుకు లెక్కపెట్టడం అయిపోయింది. పుస్తకంలో ఉండాల్సినదానికీ బీరువాల్లో ఉన్నదానికీ పాతిక పట్టుచీరల తేడా వచ్చింది. దొంగతనం జరగలేదు. ఆ పాతికా గుడివాడలో ఒక రిటైల్ షాపులో ఉన్నాయి. "నచ్చితే ఉంచుకోండి, లేకపోతే నెలలోగా తిప్పి పంపండి" అన్న మాట మీద వెళ్లిన సరుకు అది. వ్యాపారులు అప్రూవల్ మీద ఇవ్వడమనీ, సేల్ ఆర్ రిటర్న్ అనీ అంటారు. పెళ్లిళ్ల సీజను ముందు బట్టల్లో, నగల్లో, పుస్తకాల వ్యాపారంలో ఇది మామూలే.

ఏడాది మధ్యలో ఈ పద్ధతి ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఉంచుకున్న చీరలకు డబ్బు వస్తుంది, నచ్చనివి వెనక్కి వస్తాయి, పద్దు తెగిపోతుంది. చిక్కంతా లెక్కలు మూసే రోజున వస్తుంది. ఆ రోజున కొన్ని చీరలు అటూ ఇటూ కాకుండా కొనుగోలుదారు దగ్గరే ఉండిపోతాయి. వాటిని అమ్మినట్టు రాయాలా, మన సరుకుగా చూపాలా? అకౌంటెంట్ అందుకునే మొదటి కాగితం అమ్మకాల రిజిస్టరు. నిజానికి ముందు చూడాల్సింది చట్టం.

1930 నాటి వస్తువుల విక్రయ చట్టంలో 24వ సెక్షన్ సరిగ్గా ఈ సంగతి కోసమే ఉంది. అప్రూవల్ మీద వెళ్లిన సరుకు ఏ క్షణంలో కొనుగోలుదారుది అవుతుందో అది చెబుతుంది. అతను "సరే, ఉంచుకుంటున్నాను" అని చెప్పినప్పుడు అవుతుంది. నోటితో చెప్పకపోయినా, సొంతదారు మాత్రమే చేయగల పని ఏదైనా ఆ సరుకుతో చేసినప్పుడు అవుతుంది. ఈ రెండూ లేకుండా, వద్దని కబురు కూడా పెట్టకుండా తన దగ్గరే ఉంచుకుంటే, తిప్పి పంపడానికి పెట్టిన గడువు దాటగానే అవుతుంది. గడువేమీ పెట్టుకోకపోతే సబబైన కాలం గడిచాక అవుతుంది. అమ్మకపు ఆదాయాన్ని ఎప్పుడు రాయాలో చెప్పే తొమ్మిదో అకౌంటింగ్ ప్రమాణం కూడా దాదాపు ఇదే మాట అంటుంది. వీటిలో ఏదీ జరగనంత వరకు, చీర గుడివాడ షాపు అద్దాల వెనక వేలాడుతున్నా, అది విజయవాడ వ్యాపారి సరుకే.

కన్‌సైన్‌మెంటుతో దీన్ని కలపకూడదని ఒక్క మాట. అక్కడ సరుకు తీసుకున్నవాడు ఏజెంటు. యజమాని తరఫున అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటాడు. ఇక్కడ తీసుకున్నవాడు తనకోసమే కొంటాడు, కాకపోతే కొనాలా వద్దా అన్న నిర్ణయం ఇంకా చేతిలో ఉంచుకున్నాడు.

ఇప్పుడు మన పాతిక చీరల దగ్గరకు వద్దాం. ఊహకు ఒక లెక్క పెట్టుకుందాం, జీఎస్టీని కాసేపు పక్కన పెట్టి. హోల్‌సేల్ వ్యాపారికి ఒక్కో మంగళగిరి పట్టుచీర 4,000 రూపాయలకు పడింది. దాని మీద పాతిక శాతం వేసుకుని 5,000కు ఇస్తాడు. ఫిబ్రవరి 18న 40 చీరలు, మార్చి 12న ఇంకో 60 గుడివాడకు పంపాడు. ప్రతిసారీ 30 రోజుల గడువు. షాపులో గుమస్తా పంపిన రోజునే రెండు లాట్లనూ మామూలు అమ్మకంలాగే ఎక్కించాడు. ఇలాంటి లావాదేవీలు ఏడాదిలో ఒకటో రెండో ఉన్నచోట అందరూ చేసేది అదే, తప్పేమీ లేదు. తరచుగా జరిగే చోట విడిగా అప్రూవల్ పుస్తకం పెట్టి, పంపినవి, వెనక్కి వచ్చినవి, ఒప్పుకున్నవి, మిగిలినవి అని నాలుగు గళ్లు గీసుకుంటారు. అలాంటి చోట ఒప్పుకున్నవే అమ్మకాల ఖాతాలోకి వెళ్తాయి కాబట్టి మార్చిలో సవరించడానికి ఏమీ మిగలదు.

మన షాపులో ఆ పుస్తకం లేదు. మార్చి 31 నాటికి వంద చీరల్లో 60 ఉంచుకుంటున్నామని గుడివాడ షాపు చెప్పింది. 15 వెనక్కి పంపింది, వాటిని గుమస్తా అమ్మకాల వాపసులో రాశాడు, గోడౌన్ లెక్కలోనూ అవి చేరాయి. కాబట్టి పుస్తకంలో నికర అమ్మకం 85 చీరలకు 4,25,000 రూపాయలు. గుడివాడ షాపు నుంచి రావలసిన బాకీ కూడా అంతే. మిగిలిన 25 ఇంకా అక్కడే ఉన్నాయి.

ఈ పాతికనూ ఒకే గంపలో వేసి "ఇంకా ఒప్పుకోనివి" అనేయడం చాలా తేలిక. అక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. చలాన్లు తీసి చూస్తే ఆ పాతికలో 5 చీరలు ఫిబ్రవరి 18 లాటువి. వాటి గడువు మార్చి 20తో తీరిపోయింది. వద్దని ఫోను లేదు, ఉత్తరం లేదు, చీరలూ రాలేదు. అంటే 24వ సెక్షన్ ప్రకారం ఆ ఐదూ అమ్ముడుపోయినట్టే, షాపాయన ఔనని ఒక్క మాట అనకపోయినా. మార్చి 12న వెళ్లినవాటికి ఏప్రిల్ 11 దాకా సమయముంది. వాటిలో మిగిలిన 20 మాత్రమే నిజంగా తేలనివి. సరుకు ఎక్కడుందన్నది కాదు, గడియారం ఎంతవరకు వచ్చిందన్నదే చూడాలి.

ఇక్కడ ఒక ఫోను కాల్ లెక్కనంతా మార్చేయగలదు. మార్చి 18న గుడివాడ ఆయన ఫోన్ చేసి "అన్నా, ఆ ఐదూ ఇంకో పదిహేను రోజులు ఉంచుకుంటా, ముహూర్తాలున్నాయి కదా" అని అడిగి, ఈయన సరేనని ఉంటే గడువు జరిగినట్టే. అప్పుడవి కూడా తేలనివాటిలో చేరతాయి. అదే ఫోను మార్చి 25న వచ్చి ఉంటే? గడువు ముగిసి అమ్మకం అప్పటికే అయిపోయింది. పాత స్నేహం కొద్దీ తర్వాత వెనక్కి తీసుకున్నా, అది అమ్మిన సరుకు వాపసు రావడమే, వచ్చిన రోజున వాపసుగా రాయాల్సిందే. అందుకే గడువు పొడిగింపు ఫోనుతో సరిపెట్టకుండా చలాన్ వెనకో, వాట్సాప్‌లోనో తేదీతో సహా రాసి ఉంచుకోవాలంటాను. ఆడిటరు అడిగేది ఆ తేదీనే. మన లెక్కలో అలాంటి ఫోను ఏదీ రాలేదనుకుందాం.

ఇక తేలని 20 చీరలు. వీటికి రెండు సర్దుబాట్లు కావాలి, రెండూ కలిసే జరగాలి. మొదటిది, అమ్మినట్టు రాసింది వెనక్కి తీయడం. అమ్మకాల ఖాతా డెబిట్, గుడివాడ షాపు ఖాతా క్రెడిట్, 20 చీరలు అమ్మకపు ధరకు, 1,00,000 రూపాయలు. రెండోది, ఆ చీరలను మన సరుకుగా లెక్కలోకి తేవడం. అప్రూవల్ మీద కొనుగోలుదారు దగ్గరున్న సరుకు ఖాతా డెబిట్, వర్తకపు ఖాతా క్రెడిట్, ఈసారి కొన్న ధరకు, 80,000 రూపాయలు. ఆస్తి అప్పుల పట్టీలో ఈ 80,000ను గోడౌన్‌లోని ముగింపు సరుకు పక్కన చూపుతారు. గుడివాడ బాకీ 4,25,000 నుంచి 3,25,000కు దిగుతుంది. ఆ బాకీ సరిగ్గా 65 చీరలది, ఒప్పుకున్న అరవై, గడువు దాటిన ఐదు.

లాభం సరిచూద్దాం. 65 చీరలు అమ్ముడయ్యాయి, చీరకు వెయ్యి మిగిలింది, కాబట్టి 65,000 రావాలి. వర్తకపు ఖాతాలో అమ్మకం 3,25,000. వంద చీరల కొనుగోలు 4,00,000లోంచి గోడౌన్‌లోని 15 చీరల 60,000, గుడివాడలోని 20 చీరల 80,000 తీసేస్తే అమ్మినవాటి ఖర్చు 2,60,000. తేడా 65,000. సరిపోయింది.

ఇప్పుడు ఇందులో ఒక్కో అడుగు మరిచిపోతే ఏమవుతుందో చూస్తే, తప్పు ఏ దిక్కు నుంచి వచ్చిందో పద్దు చూడగానే పట్టుకోవచ్చు. ఏమీ చేయకుండా వదిలేస్తే లాభం 85,000 చూపిస్తుంది. ఇంకా ఎవరూ కొనని 20 చీరల మీది 20,000 లాభం ముందే తినేసినట్టు. అమ్మకం మాత్రం వెనక్కి తీసి సరుకు చేర్చడం మరిచిపోతే ఏకంగా 15,000 నష్టం వస్తుంది, ఎందుకంటే 20 చీరలు అమ్మకంలోనూ లేవు, సరుకులోనూ లేవు, గాల్లో కలిసిపోయాయి. తిరగేసి, సరుకు చేర్చి అమ్మకం వదిలేస్తే లాభం 1,65,000కు ఎగురుతుంది. ఒకే చీర అమ్ముడూపోయింది, మన దగ్గరా ఉందన్నమాట. ఈ రెండూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి కాబట్టి వాటితో పెద్ద భయం లేదు. మార్జిన్ ఎన్నడూ లేనంత పడిపోయినా పెరిగినా ఎవరో ఒకరు అడుగుతారు.

భయపడాల్సింది నాలుగో తప్పుకు. రెండు సర్దుబాట్లూ శ్రద్ధగా చేస్తారు, కానీ సరుకును కూడా అమ్మకపు ధరకే, అంటే 1,00,000కే ఎక్కిస్తారు. పుస్తకం చూస్తే అంతా పద్ధతిగా ఉంటుంది, అమ్మకం తగ్గింది, బాకీ తగ్గింది, సరుకు కనిపిస్తోంది. లాభం మాత్రం మళ్లీ 85,000. ఏమీ చేయనప్పుడు ఎంత చూపించిందో సరిగ్గా అంతే. లాభాన్ని బాకీలోంచి తీసి సరుకులో దాచినట్టయింది తప్ప సరి చేసినట్టు కాలేదు. కంప్యూటరులో చలాన్ మీద ఉన్న రేటే కళ్లముందు కనిపిస్తుంది కాబట్టి ఈ తప్పు చాలా సులువుగా దొర్లుతుంది.

కొన్న ధర వెతకడం కుదరనప్పుడు అమ్మకపు ధర నుంచి వెనక్కి లెక్కగడతారు. అక్కడ ఇంకో చిన్న గుంట ఉంది. పాతిక శాతం వేసుకున్నాం కదా అని 1,00,000లోంచి పాతిక శాతం తీసేసి 75,000 అంటారు. పాతిక శాతం వేసింది 4,000 మీద, 5,000 మీద కాదు. వందకు పాతిక కలిపితే 125 అయింది, కాబట్టి 1,00,000ను 125తో భాగించి 100తో గుణించాలి, 80,000 వస్తుంది. అమ్మకపు ధర వైపు నుంచి చూస్తే ఆ మార్జిన్ ఇరవై శాతమే. గుడివాడకు చీరలు పంపిన ట్రాన్స్‌పోర్టు ఖర్చును కూడా ఈ 80,000కు కలపకూడదు. అది అమ్మకం కోసం పెట్టిన ఖర్చు. ఇంకొకటి, ఏడాది చివరి సరుకును కొన్న ధర, ఇప్పుడు అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానికే చూపాలి. రిటైల్ షాపులో పదిమంది విప్పి చూసి మడతలు నలిగి, ఖర్చులు పోను ఇప్పుడు 3,500 మాత్రమే చేతికొచ్చే చీర ఉంటే, అది 4,000కు కాదు, 3,500కే లెక్కకు రావాలి. ఎదుటివాళ్ల షాపులో ఉన్న సరుకు విషయంలో ఈ సంగతి ఎవరికీ గుర్తు రాదు, కళ్లెదుట ఉండదు కదా.

కళ్లెదుట లేకపోవడం వల్ల వచ్చే అసలు చిక్కు వేరే ఉంది. ఆ 20 చీరలు గుడివాడలో ఇంకా ఉన్నాయని మనకెలా తెలుసు?

1897లో లండన్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పిన కిర్కమ్ వర్సెస్ అటెన్‌బరో కేసు న్యాయశాస్త్రం చదివినవాళ్లకు తెలుసు. ఒక నగల తయారీదారు సేల్ ఆర్ రిటర్న్ మీద నగలు ఇచ్చాడు. తీసుకున్నవాడు వాటిని తాకట్టు కొట్టులో పెట్టేశాడు. నగలు నావే, ఇచ్చేయమని తయారీదారు తాకట్టు వ్యాపారి మీద దావా వేశాడు. కోర్టు ఒప్పుకోలేదు. తాకట్టు పెట్టడం సొంతదారు చేసే పని, అది చేసిన క్షణానే నగలు అతని సొంతమయ్యాయి, ఇక తయారీదారుకు మిగిలింది వాటి ధర అడిగే హక్కు మాత్రమే అంది. మన 24వ సెక్షన్‌లో ఉన్న రెండో దారి ఇదే.

ఇది గుడివాడ కౌంటరు దగ్గరకు తెస్తే? మార్చి 29న షాపాయన ఆ ఇరవైలోంచి మూడు చీరలు ఒక పెళ్లివారికి అమ్మాడనుకుందాం. విజయవాడకు ఆ కబురు ఏప్రిల్ 4న చేరింది. అమ్మకం ఏ తేదీది? మార్చి 29ది. తనది కాని చీరను ఎవరూ అమ్మరు, అమ్మాడంటే ఉంచుకున్నట్టే. కబురు రావడం ఆలస్యమైనంత మాత్రాన తేదీ జరగదు. అంటే తేలనివి ఇరవై కాదు, పదిహేడే. వెనక్కి తీయాల్సిన అమ్మకం 85,000, చేర్చాల్సిన సరుకు 68,000, లాభం 68,000. మూడు చీరలకు మూడు వేలు కదా అనిపిస్తుంది. ముప్ఫై ఊళ్లలో ముప్ఫై షాపులకు ఇలాగే పంపే వ్యాపారికి ఇది చిన్న సంగతి కాదు.

కాబట్టి మార్చి 31 నాటికి తేలని సరుకు ఉన్న ప్రతి షాపు నుంచీ ఒక కాగితం తెప్పించుకోవాలి. అందులో చలాన్ నంబరు వారీగా మార్చి 31 రాత్రికి తమ దగ్గర విడిగా ఉన్న చీరలెన్ని, అప్పటికి కస్టమర్లకు అమ్మేసినవెన్ని అని రెండు అంకెలు చాలు, కింద సంతకం. "మీ దగ్గర ఎన్ని ఉన్నాయి" అని మాత్రం అడిగితే సరిపోదు. అమ్మినవాటి సంగతి చెప్పడానికి వాళ్లకు తొందరేమీ ఉండదు, చెప్పగానే బిల్లు కట్టాలి కాబట్టి. ఆడిటర్లు ఇలాంటి ధ్రువీకరణను షాపు ద్వారా కాకుండా నేరుగా తమకే పంపమని అడుగుతారు.

గుడివాడ షాపు పుస్తకం కూడా దీనికి అద్దంలా ఉండాలి. ఆ పదిహేడు చీరలు అతని కొనుగోళ్లలోనూ ఉండకూడదు, ముగింపు సరుకులోనూ ఉండకూడదు. బీరువాలో ఉన్నవన్నీ లెక్కపెట్టేసే కుర్రాడు వీటిని కూడా కలిపేస్తే, అవే చీరలు రెండు ఊళ్లలోనూ ఆస్తిగా కనిపిస్తాయి. పైగా కొనుగోలు రాయకుండా సరుకు మాత్రం రాస్తే లేని లాభం అతనికి వస్తుంది, దాని మీద పన్నూ కడతాడు. అప్రూవల్ చీరలకు వేరే రంగు చీటీ కట్టి వేరే అరలో పెట్టే షాపులకు ఈ బాధ ఉండదు.

సరుకు ఎవరిదన్న ప్రశ్న పుస్తకంతో ఆగదు. నష్టం ఎవరిదన్నది కూడా దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. వేరే ఒప్పందం లేకపోతే సొంతదారుదే నష్టం అని ఇదే చట్టం 26వ సెక్షన్ చెబుతుంది. 1880 నాటి ఎల్ఫిక్ వర్సెస్ బార్న్స్ అనే ఇంగ్లిష్ కేసులో ఎనిమిది రోజుల పరీక్ష మీద ఇచ్చిన గుర్రం, కొనాలనుకున్నవాడి తప్పేమీ లేకుండానే, మూడో రోజున చచ్చిపోయింది. గడువు మిగిలే ఉంది కాబట్టి గుర్రం ఇంకా ఇచ్చినవాడిదే, దాని ధర అడిగే హక్కు అతనికి లేదన్నారు. గుడివాడ షాపులో ఏప్రిల్ 3న నిప్పంటుకుంటే, షాపాయన అజాగ్రత్త లేనప్పుడు, ఆ పదిహేడు చీరల 68,000 విజయవాడ వ్యాపారికే పోతుంది. అతని ఫైర్ పాలసీలో గోడౌన్ అడ్రసు ఒక్కటే రాసి ఉంటే బీమా కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. ఇతరుల చోట ఉన్న సరుకుకు కూడా వర్తించేలా పాలసీ ఉందో లేదో మార్చిలో సరుకు పట్టీ వేసేటప్పుడే చూసుకోవడం నయం. ఆ పట్టీ ఎలాగూ చేతిలోనే ఉంటుంది.

పక్కన పెట్టిన జీఎస్టీ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే గుమస్తా పంపిన రోజునే అమ్మకంగా రాయడం వల్ల చిక్కు వచ్చేది ఇక్కడే. జీఎస్టీ చట్టం ప్రకారం అప్రూవల్ మీద సరుకు పంపేటప్పుడు ట్యాక్స్ ఇన్వాయిస్ అక్కర్లేదు, డెలివరీ చలాన్ మీద పంపొచ్చు. 31వ సెక్షన్ ఏడో ఉపవిభాగం ప్రకారం కొనుగోలుదారు ఒప్పుకుని అమ్మకం జరిగేటప్పుడు గానీ, సరుకు బయలుదేరిన ఆరు నెలలకు గానీ, ఏది ముందైతే అప్పుడు ఇన్వాయిస్ వేయాలి. చలాన్ మీద పంపి ఉంటే మార్చి 31న తేలని 17 చీరలకు ఏ పన్నూ ముడిపడదు. పంపిన రోజునే ట్యాక్స్ ఇన్వాయిస్ వేసేసి ఉంటే, ఆ చీరల పన్ను అప్పటికే కట్టేసి ఉంటాడు, గుడివాడ షాపు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడేసుకుని ఉంటుంది. చీరలు వెనక్కి వస్తే క్రెడిట్ నోటు వేసి అన్నీ సరిచేయాలి. ఏడాది చివర పుస్తకంలోని అమ్మకం, జీఎస్టీ రిటర్నుల్లోని అమ్మకం కలవవు, ఆ తేడాకు సంజాయిషీ రాసుకోవాలి. ఆరు నెలల నియమాన్ని మాత్రం చీర ఎవరిదన్న ప్రశ్నతో కలపకూడదు. అది పన్ను కోసం పెట్టిన హద్దు, లెక్కకు చూడాల్సింది ఒప్పందంలోని 30 రోజులే.

ఏప్రిల్ వచ్చాక సగం షాపుల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. "ఏప్రిల్ 6న ఆయన 12 చీరలు ఉంచుకుంటానన్నాడు కదా, మార్చి లెక్క ఇంకా మూయనేలేదు, అమ్మకంగానే ఉంచేద్దాం" అంటారు. కుదరదు. మార్చి 31 రాత్రికి ఆ నిర్ణయం జరగలేదు. ఆ 12 చీరలు కొత్త ఏడాది అమ్మకం, 60,000 రూపాయలకు ఏప్రిల్ 6 తేదీన రాయాలి. వాటి ఖర్చు 48,000 ప్రారంభ సరుకులోని 68,000లోంచి తనంతట తానే కలిసిపోతుంది. మిగిలిన 5 చీరలు ఏప్రిల్ 9న బస్సు పార్సిల్‌లో తిరిగి వచ్చాయనుకోండి. పాత అలవాటు కొద్దీ గుమస్తా అమ్మకాల వాపసులో 25,000 రాసేస్తాడు. మార్చిలో ఆ అమ్మకం తీసేశాం కాబట్టి ఇప్పుడు వాపసు రావడానికి అమ్మకమే లేదు. చీరలు గోడౌన్ రిజిస్టరులో చేరితే చాలు, డబ్బు ఖాతాల్లో ఏ ఎంట్రీ అక్కర్లేదు. రాస్తే గుడివాడ ఆయన బాకీ ఉండాల్సినదానికన్నా 25,000 తక్కువ చూపిస్తుంది, ఆయన దాన్ని సంతోషంగా ఒప్పుకుంటాడు కూడా.